తలుపు మీది అక్షరాలు జారకూడదు: కదిలే షాట్‌లో ట్రాకింగ్

అందరికీ నమస్కారం. ఈ గంటసేపూ నేను ఒకే ఒక్క షాట్ గురించి మాట్లాడతాను. చాలా షాట్లను పైపైన చూడడం కన్నా ఒక షాట్‌ను చివరిదాకా చూడడం వల్ల ఈ పని లోతు బాగా తెలుస్తుందని నా నమ్మకం.

షాట్ ఇది. నిడివి 10 సెకన్లు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 240 ఫ్రేములు. చిత్రం వెడల్పు 1920 పిక్సెళ్లు, ఎత్తు 1080. గోడలో మూసి ఉన్న ఒక చెక్క తలుపు ఉంది. కెమెరా పట్టుకున్న మనిషి ఆ తలుపుకు 2 మీటర్ల దూరంలో, గోడకు సమాంతరంగా, మెల్లగా ఒక మీటరు మేర పక్కకు నడుస్తాడు. కెమెరా స్టాండు మీద లేదు, చేతిలో ఉంది. మధ్యలో ఒక వ్యక్తి తలుపుకూ కెమెరాకూ నడుమ నుంచి దాటి వెళతాడు. మనం చేయవలసింది ఒక్కటే: ఖాళీగా ఉన్న ఆ తలుపు మీద ‘రికార్డుల గది’ అనే అక్షరాలు పెట్టాలి. చిత్రీకరణ రోజునే ఎవరో పెయింటుతో రాసి ఉంచినట్టుగా అవి కనిపించాలి. ఒక్కటే పని, కానీ ఇందులో ట్రాకింగ్‌కు, అంటే చిత్రంలోని ఒక ఆనవాలు ఫ్రేము ఫ్రేముకూ ఎటు జరిగిందో సాఫ్ట్‌వేర్‌తో పట్టుకునే పనికి, ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఉన్నాయి.

ముందుగా నేను ఇటువంటి షాట్‌తోనే మొదటిసారి చేసిన తప్పు చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో నాకు తెలిసిన అతి ముఖ్యమైన విషయం ఆ తప్పులోనే ఉంది. తలుపు నున్నగా, ఒకే రంగులో ఉంది. దాని పక్కన గోడకు ఒక ముద్రిత కాగితం అంటించి ఉంది, దాని మీద నల్లటి గీతలు, చతురస్రాలు స్పష్టంగా ఉన్నాయి. ట్రాకర్‌కు ఇంతకన్నా మంచి ఆనవాలు ఏం కావాలి? నేను ఆ కాగితం మీద ట్రాక్ చేశాను. మొదటి ఫ్రేము నుంచి చివరి ఫ్రేము దాకా ట్రాకర్ ఎక్కడా పట్టు తప్పలేదు. ఆ కదలికను చూపే గ్రాఫు నున్నగా వచ్చింది. ఆ కదలికను అక్షరాలకు ఇచ్చి, వాటిని తలుపు మీదకు జరిపి, ప్లే చేశాను. అక్షరాలు తలుపు మీద నిలవలేదు. అవి తలుపుకన్నా కొంచెం ముందుగా, మెల్లగా, పక్కకు జారుతూ పోయాయి. ట్రాకర్ సెట్టింగులన్నీ మార్చి చూశాను. ప్రతిసారీ అంతే జారింది.

ఎందుకు జారింది? ట్రాకర్ తప్పు చేయలేదు. అది కాగితాన్ని చక్కగా పట్టుకుంది. కానీ కాగితం గోడ మీద ఉంది, తలుపు గోడకన్నా 10 సెంటీమీటర్లు లోపలికి ఉంది. అంటే గోడ కెమెరాకు 1.9 మీటర్ల దూరంలో, తలుపు 2 మీటర్ల దూరంలో ఉన్నాయి. కదిలే రైల్లోంచి చూసినప్పుడు దగ్గరి చెట్లు వేగంగా, దూరపు చెట్లు నెమ్మదిగా వెనక్కి పోవడం మీరంతా చూసే ఉంటారు. దీన్నే పారలాక్స్ అంటారు. పది సెంటీమీటర్ల తేడాకు కూడా అదే సూత్రం వర్తిస్తుంది.

లెక్క వేసి చూద్దాం, చిన్న లెక్కే. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. దాని మీద 28 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే, 1920 పిక్సెళ్ల చిత్రంలో ఫోకల్ లెంగ్త్ దాదాపు 1500 పిక్సెళ్లకు సమానం. కెమెరా ఒక మీటరు పక్కకు జరిగితే 2 మీటర్ల దూరంలోని వస్తువు తెర మీద 1500ను 2తో భాగించినంత, అంటే 750 పిక్సెళ్లు జరుగుతుంది. 1.9 మీటర్ల దూరంలోనిది 1500ను 1.9తో భాగించినంత, అంటే దాదాపు 789 పిక్సెళ్లు జరుగుతుంది. తేడా 39 పిక్సెళ్లు. తలుపు మీద అది 5 సెంటీమీటర్లకు పైగా ఉంటుంది. ఏ సెట్టింగు మార్చినా ఆ 39 పిక్సెళ్లు పోవు, ఎందుకంటే అవి ట్రాకర్ పొరపాటు వల్ల వచ్చినవి కావు. గోడ నిజంగానే తలుపుకన్నా అంత ఎక్కువగా జరిగింది.

కాబట్టి సాఫ్ట్‌వేర్ తెరవక ముందే వేసుకోవలసిన ప్రశ్న ఇది: నా అక్షరాలు ఏ తలం మీద ఉండాలి? ఆ తలం మీదున్న ఆనవాళ్లనే పట్టుకోవాలి, వాటినే పట్టుకోవాలి. తలుపు పిడి బాగా మెరుస్తూ స్పష్టంగా కనిపిస్తోంది కదా, అది తలుపుదే కదా అని మీరు అనవచ్చు. తలుపుదే, కానీ అది తలుపు తలం నుంచి 5 సెంటీమీటర్లు ముందుకు పొడుచుకుని ఉంటుంది. అదే లెక్క వేస్తే 19 పిక్సెళ్లు తేడా వస్తుంది. తలుపులోనే లోపలికి దిగిన పలకలు ఉంటే, ఒక సెంటీమీటరు లోతుకు దాదాపు 4 పిక్సెళ్లు. అక్షరాలు పలక మీద పెడుతున్నారా, అడ్డపట్టీ మీద పెడుతున్నారా అన్నది కూడా తేల్చుకోవాలని అందుకే అంటున్నాను.

సరే, తలం తేలింది: తలుపు రెక్క. ఇప్పుడు దాని మీద ఏ ఆనవాళ్లు పట్టుకోవాలి? ఇక్కడ ట్రాకర్ ఏం చేస్తుందో కొంచెం అర్థం చేసుకోవాలి. మనం ఒక చిన్న చతురస్రం గీస్తాం. అందులోని పిక్సెళ్ల అమరికను అది గుర్తుంచుకుంటుంది. దాని చుట్టూ మరింత పెద్ద చతురస్రం ఉంటుంది, తరువాతి ఫ్రేములో వెతకవలసిన మేర అది. ఆ మేరలో చిన్న చతురస్రాన్ని జరుపుతూ, ఎక్కడ పెడితే పాత అమరికతో తేడా అతి తక్కువగా ఉంటుందో ఆ చోటును పిక్సెల్‌లో చిన్న భాగం వరకు లెక్కగడుతుంది. ఈ లెక్కకు మూలమైన పద్ధతిని 1981లో బ్రూస్ లూకాస్, తకియో కనాదె ప్రచురించారు. ఈనాటి ట్రాకర్లు ఎన్నో దాని మీద నిర్మించినవే.

ఈ పద్ధతి ఎక్కడ పట్టు తప్పుతుంది? మన తలుపు మీద నిలువు గాళ్లు ఉన్నాయి. పొడవైన నిలువు గాడి మధ్యలో మీ చతురస్రం పెట్టారనుకోండి. ఆ చతురస్రాన్ని పక్కకు జరిపితే చిత్రం మారుతుంది, కాబట్టి పక్క కదలిక ట్రాకర్‌కు తెలుస్తుంది. కానీ పైకీ కిందికీ జరిపితే? ఏమీ మారదు. గాడి ఎక్కడ చూసినా గాడిలాగే ఉంటుంది. అప్పుడు ఆ పాయింటు గాడి వెంబడి పైకీ కిందికీ తిరుగుతూ పోతుంది, ట్రాకర్ మాత్రం తనకు ధీమా ఉన్నట్టే చెబుతుంది. అందుకే గీత కాదు, మూల కావాలి. నిలువు గాడి అడ్డపట్టీని కలిసే చోటు మంచిది. మరమేకు తల చుట్టూ ఉన్న వలయం మంచిది. పెయింటు లేచిపోయిన చిన్న మచ్చ చాలా మంచిది. ఏ చతురస్రం రెండు దిశల్లోనూ నికరంగా నిలుస్తుందో ముందే లెక్కగట్టి చెప్పవచ్చునని 1994లో జియాన్బో షి, కార్లో తొమాసి చూపించారు. సాఫ్ట్‌వేర్లో ‘ఆనవాళ్లను నువ్వే వెతుకు’ అన్న మీట నొక్కినప్పుడు జరిగే పని ఇటువంటిదే.

కానీ ఆ మీట ఇచ్చిన పాయింట్లను కళ్లు మూసుకుని తీసుకోకూడదు, ఎందుకంటే కొన్ని మూలలు అబద్ధపు మూలలు. ద్వారబంధం నిలువు అంచు, దాని వెనకనున్న తలుపు అడ్డపట్టీ, ఇవి రెండూ చిత్రంలో కలిసినట్టు కనిపించే చోట చక్కటి మూల ఏర్పడుతుంది. ట్రాకర్ దాన్ని ఎంతో ఇష్టంగా పట్టుకుంటుంది. నిజానికి అక్కడ ఏ వస్తువూ లేదు. ముందున్న అంచు, వెనకనున్న పట్టీ మన చూపులో ఒకదాన్నొకటి దాటుతున్న చోటు మాత్రమే అది. కెమెరా జరిగితే ఆ చోటు పట్టీ వెంట పాకుతుంది. నిగనిగలాడే పెయింటు మీద మెరుపు మచ్చ కూడా అంతే. అది తలుపుకు చెందినది కాదు, కెమెరాతోపాటు జరిగే ప్రతిబింబం. నీడలూ అంతే. ప్రతి పాయింటు దగ్గరా ఆగి, ‘ఇక్కడ నేను వేలు పెట్టగలనా? తలుపు ఉన్నంతకాలం ఆ మచ్చ అదే చోట ఉంటుందా?’ అని అడగాలి. పెట్టగలిగితేనే ఉంచాలి.

ఇక ఎన్ని పాయింట్లు కావాలి? ఒక్క పాయింటు ఉంటే అక్షరాలు ఎటు జరగాలో మాత్రమే తెలుస్తుంది. రెండు ఉంటే తిరగడం, పెద్దవి చిన్నవి కావడం తెలుస్తాయి. కానీ మన కెమెరా చేతిలో ఉంది కాబట్టి తలుపును కొంచెం కుడి నుంచి, కొంచెం ఎడమ నుంచి చూస్తుంది. తలుపు అప్పుడు దీర్ఘచతురస్రంగా కనిపించదు, ఒక వైపు అంచు పొడవుగా, మరో వైపు అంచు పొట్టిగా ఉన్న ఆకారం అవుతుంది. ఒక సమతలం ఒక ఫ్రేములో కనిపించిన తీరు నుంచి మరో ఫ్రేములో కనిపించే తీరుకు మారడాన్ని పూర్తిగా చెప్పడానికి 8 సంఖ్యలు కావాలి. ఒక్కో పాయింటు రెండు సంఖ్యలు ఇస్తుంది, అడ్డంగా ఎంత, నిలువుగా ఎంత అని. కాబట్టి నాలుగు పాయింట్లు కావాలి, వాటిలో ఏ మూడూ ఒకే గీత మీద ఉండకూడదు. నాలుగు మూలలు పట్టి లాగే కార్నర్ పిన్ అనే పనిముట్టు వెనక ఉన్న లెక్క ఇదే.

ఇక్కడ ఒక మంచి సంగతి ఉంది, దీన్ని చాలామంది గమనించరు. ఆ నాలుగు పాయింట్లు తలుపు నాలుగు మూలలే కానక్కర్లేదు. మన షాట్‌లో 2 మీటర్ల దూరం నుంచి ఫ్రేములో దాదాపు 1.44 మీటర్ల ఎత్తు మాత్రమే పడుతుంది. తలుపు పైభాగం, కిందిభాగం ఫ్రేము బయటే ఉన్నాయి. అయినా ఇబ్బంది లేదు. ఆ తలం మీద ఎక్కడైనా నాలుగు నికరమైన పాయింట్లు దొరికితే, తలం మొత్తం ఎక్కడికి పోతోందో తెలిసిపోతుంది, కనిపించని భాగంతో సహా. అయితే ఆ పాయింట్లు దూరదూరంగా ఉండాలి. నాలుగూ ఒక అరచేయంత చోట గుమిగూడి ఉంటే, వాటిలోని అరపిక్సెల్ పొరపాటు అక్షరాల దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రెట్లు పెరుగుతుంది. వీలైతే అక్షరాలు ఆ నాలుగింటి నడుమ పడేట్టు చూసుకోవాలి.

ప్లేనర్ ట్రాకర్లు ఈ పాయింట్లు విడివిడిగా పెట్టమని మనల్ని అడగవు. తలుపు చుట్టూ ఒక గీత గీయమంటాయి. ఆ గీత లోపలి పిక్సెళ్లన్నింటినీ కలిపి ఒకే తలంగా చూసి, ఆ 8 సంఖ్యలను ఒక్కసారే వెతుకుతాయి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌తోపాటు వచ్చే మోచా ఆ కోవకు చెందినది. మన తలుపులాంటి పలుచని ఆనవాళ్లున్న ఉపరితలానికి నేను దాన్నే ముందు ప్రయత్నిస్తాను, ఎందుకంటే ఏ ఒక్క మచ్చా తనంతట బలంగా లేకపోయినా, చెక్క నార, గీతలు, మచ్చలు అన్నీ కలిసి సరిపడా ఆధారం ఇస్తాయి. గీత గీసేటప్పుడు పిడిని మాత్రం వదిలేయాలి. ఎందుకో ఇందాకే చూశాం.

ఇప్పుడు అన్నీ సరిగ్గా పెట్టాం. ట్రాక్ చేశాం. మొదటి 2 సెకన్లు అద్భుతంగా ఉంది. చివరి ఫ్రేముకు వచ్చేసరికి అక్షరాలు కొంచెం పక్కకు వచ్చాయి. ఏ ఒక్క ఫ్రేములోనూ అవి జరిగినట్టు కనిపించదు, కానీ మొదటి ఫ్రేమునూ చివరి ఫ్రేమునూ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దీన్ని డ్రిఫ్ట్ అంటారు. ఇది ఎలా వస్తుంది?

ట్రాకర్ ప్రతి ఫ్రేమునూ దాని ముందు ఫ్రేముతో పోలుస్తోందనుకుందాం. ఒక్కో పోలికలో పిక్సెల్‌లో ఇరవయ్యో వంతు, అంటే 0.05 పిక్సెల్ పొరపాటు వచ్చిందనుకుందాం. అది కంటికి ఆనదు. కానీ ఆ పొరపాటు ప్రతిసారీ ఒకే వైపు వస్తే, ఉదాహరణకు మెల్లగా జరిగే ఒక నీడ అంచు దాన్ని ఎప్పుడూ కుడికే లాగుతూ ఉంటే, 240 ఫ్రేములకు అది 12 పిక్సెళ్లు అవుతుంది. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి వస్తూ ఉంటే చాలా వరకు పరస్పరం కొట్టివేసుకుని, చివరికి ఒక పిక్సెల్ లోపే మిగులుతుంది. కాబట్టి డ్రిఫ్ట్ కనిపించినప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న, ‘దీన్ని ఒకే వైపుకు లాగుతున్నది ఏమిటి?’ అని. సాధారణంగా ఒక నీడో, ఒక మెరుపో, లేదా గీత లోపలికి చొరబడిన వేరే తలమో దొరుకుతుంది.

రెండో మార్గం, ప్రతి ఫ్రేమునూ ముందు ఫ్రేముతో కాకుండా మనం ఎంచుకున్న ఒకే మూల ఫ్రేముతో పోల్చమనడం. బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ ఎంపిక Match అన్న పేరుతో ఉంటుంది, అందులో Previous frame, Keyframe అని రెండు ఉంటాయి. Keyframe ఎంచుకుంటే పొరపాట్లు పోగుపడవు, ఎందుకంటే ప్రతిసారీ అసలు దానితోనే పోలిక. మరి ఎప్పుడూ దాన్నే ఎందుకు వాడకూడదు? కోణం, వెలుతురు, పరిమాణం మారేకొద్దీ ఆనవాలు తన మొదటి రూపానికి దూరమవుతుంది, ఒకచోట పోలిక పూర్తిగా తెగిపోతుంది. ఒకటి మెల్లగా జారుతుంది, మరొకటి ఉన్నట్టుండి తెగుతుంది. నేను తెగేదాన్నే ఎంచుకుంటాను. తెగితే ఎక్కడ తెగిందో కనిపిస్తుంది, అక్కడ కొత్త కీఫ్రేము ఇచ్చి కొనసాగించవచ్చు. జారితే ఎక్కడ మొదలైందో వెతుక్కోవడానికే సగం రోజు పోతుంది.

మూల ఫ్రేము అంటే మొదటి ఫ్రేమే కానక్కర్లేదని కూడా గుర్తుంచుకోండి. మన షాట్‌లో తలుపు అతి స్పష్టంగా, ఎదురుగా, ఎవరూ అడ్డం లేకుండా ఉన్నది 130వ ఫ్రేములో. అక్కడ మొదలుపెట్టి ముందుకు 240 దాకా, వెనక్కి 1 దాకా ట్రాక్ చేస్తాం. అప్పుడు ఏ ఫ్రేమూ మూలానికి 130 ఫ్రేములకన్నా దూరంగా ఉండదు, అక్షరాల ఆకారం సరిచూసుకోవడానికి కూడా ఆ ఫ్రేమే అనువు.

ఇక దాటిపోయే వ్యక్తి. 96వ ఫ్రేములో అతని భుజం తలుపు ఎడమ అంచుకు తగులుతుంది, 118వ ఫ్రేముకు అతను కుడి అంచు దాటిపోతాడు. ఈ 23 ఫ్రేముల్లో ఏం జరుగుతుంది? పాయింట్ ట్రాకర్ చతురస్రం మీదికి అతని చొక్కా చెయ్యి రాగానే, ట్రాకర్ ఆ చొక్కాను పట్టుకుని అతనితోపాటు నడిచిపోతుంది. గ్రాఫులో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: నున్నగా పోతున్న గీత ఒక్కసారిగా విరిగి ఏటవాలుగా లేస్తుంది. అక్కడ ఆ పాయింటును ఆపేయాలి, అతను దాటాక అదే మచ్చ మీద తిరిగి మొదలుపెట్టాలి. అందుకే నేను నాలుగు పాయింట్లతో సరిపెట్టుకోను, ఎనిమిది పెట్టుకుంటాను. అతను ఎడమ నుంచి కుడికి పోతున్నాడు కాబట్టి, ఎడమ పాయింట్లు మూసుకున్నప్పుడు కుడివి, కుడివి మూసుకున్నప్పుడు ఎడమవి పనిచేస్తాయి. ఏ ఫ్రేములో చూసినా కనీసం నాలుగు బతికి ఉండాలి. ఇక్కడ ఇంకో చిన్న జాగ్రత్త ఉంది. ఒక పాయింటు హఠాత్తుగా ఆగిపోతే మిగిలినవాటి లెక్క ఆ ఫ్రేములో పావు పిక్సెలో, అర పిక్సెలో తటాలున మారుతుంది, కన్ను దాన్ని పట్టేస్తుంది. ఆ పాయింటు ప్రభావాన్ని నాలుగైదు ఫ్రేముల్లో మెల్లగా తగ్గించే వీలు మీ సాఫ్ట్‌వేర్లో ఉంటే, తప్పక వాడండి.

ప్లేనర్ ట్రాకర్లో పని ఇంకా తేలిక. ఆ వ్యక్తి చుట్టూ రెండో గీత గీసి, దాని లోపలిది లెక్కలోకి తీసుకోవద్దని చెబుతాం. ఆ గీత అతని ఆకారానికి అచ్చంగా సరిపోనక్కర్లేదు, కొంచెం వదులుగా ఉన్నా ఫరవాలేదు. కానీ పొరపడకండి, ఇది ట్రాకింగ్ కోసం గీసిన గీత మాత్రమే. అక్షరాలు అతని వెనక్కి పోవడానికి వేరే మాస్క్ కావాలి, దాన్ని అతని అంచు వెంబడి జాగ్రత్తగా ఫ్రేము తరువాత ఫ్రేము గీయాలి. ఆ పనినే రోటో అంటారు. మొదటిది పది నిమిషాల పని, రెండోది కొన్ని గంటల పని. రెండింటికీ ఒకే గీత వాడబోయి రెండింటినీ చెడగొట్టుకున్న షాట్లు నేను చాలా చూశాను.

ఇప్పుడు అక్షరాలు జారడం లేదు. కానీ సన్నగా వణుకుతున్నాయి. ఇక్కడ చాలామంది ట్రాక్ గ్రాఫును నున్నగా చేసే మీట నొక్కుతారు. దయచేసి ఆగండి. ఎందుకు ఆగమంటున్నానంటే, ఆ గ్రాఫులోని వణుకు రెండు రకాల వణుకుల కలయిక. ఒకటి ట్రాకర్ పొరపాటు. రెండోది కెమెరా పట్టుకున్న చేతి నిజమైన వణుకు. ఆ రెండోది తలుపుకు కూడా ఉంది. గ్రాఫును నున్నగా చేస్తే తలుపు వణుకుతూనే ఉంటుంది, అక్షరాలు మాత్రం నెమ్మదిస్తాయి. అప్పుడు అవి తలుపు ముందు గాల్లో తేలుతున్నట్టు ఉంటాయి. తలుపు ఎలా వణికితే అక్షరాలు అలాగే వణకాలి. పొరపాటు వల్ల వచ్చే వణుకును తగ్గించడానికి చతురస్రం పెద్దది చేయండి, పాయింట్లు పెంచండి, చిత్రంలో గ్రెయిన్, అంటే సన్నటి చుక్కల గరుకు, ఎక్కువుంటే గ్రెయిన్ తగ్గించిన ప్రతి మీద ట్రాక్ చేసి, ఫలితాన్ని అసలు చిత్రానికి వాడండి. గ్రాఫును మాత్రం ముట్టుకోకండి.

ఏది ఏ వణుకో తేల్చుకునే పరీక్ష ఒకటుంది, దీన్ని నేను ప్రతి షాట్‌కూ చేస్తాను. ట్రాక్‌ను తలకిందులు చేసి చిత్రానికే ఇవ్వండి. అంటే అక్షరాలు కదలడం కాదు, తలుపు తెర మీద కదలకుండా నిలిచి, దాని చుట్టూ ప్రపంచం ఊగాలి. ఇప్పుడు తలుపు మీది ఒక మచ్చ దగ్గర తెరకు గీత పెట్టి చూడండి. మచ్చ ఆ గీతను వదిలి మెల్లగా పోతే డ్రిఫ్ట్. అటూ ఇటూ చిన్నగా అదిరితే ట్రాకర్ వణుకు. అస్సలు కదలకపోతే మీ ట్రాక్ సరైనదే. అక్షరాలు వణికినట్టు అనిపిస్తోందంటే కారణం మరోచోట ఉంది.

ఆ మరోచోటు ఎక్కువసార్లు మోషన్ బ్లర్, అంటే షట్టర్ తెరిచి ఉన్నప్పటి కదలిక వల్ల చిత్రం సాగి చెదరడం. మన షాట్‌లో తలుపు సగటున ఫ్రేముకు 3 పిక్సెళ్లు జరుగుతుంది. కానీ 171వ ఫ్రేములో నడిచే మనిషి అడుగు గట్టిగా పడి, చిత్రం ఒక్క ఫ్రేములో 20 పిక్సెళ్లు కిందికి ఊగింది. షట్టర్ 180 డిగ్రీలు, అంటే ఫ్రేము కాలంలో సగంసేపు, సెకనులో 48వ వంతు తెరిచి ఉంది. కాబట్టి తలుపు మీది ప్రతి మచ్చా ఆ ఫ్రేములో 10 పిక్సెళ్ల గీతగా సాగింది. మన అక్షరాలు మాత్రం పదునుగా ఉన్నాయి. చుట్టూ అంతా చెదిరి, అక్షరాలు ఒక్కటే చెదరకుండా నిలిస్తే కన్ను దాన్ని అదురుగా చూస్తుంది. కాబట్టి అక్షరాలకు కూడా బ్లర్ ఇవ్వాలి, అదీ ఊహతో కాదు. ఆ ఫ్రేమును పెద్దది చేసి ఒక చిన్న మచ్చ సాగిన పొడవు కొలవండి. 20 పిక్సెళ్ల కదలికకు 10 ఉంటే 180 డిగ్రీలు. రెండున్నరే ఉంటే చిత్రీకరణలో షట్టర్ సెకనులో 200వ వంతు ఉండి ఉంటుంది, అప్పుడు 180 డిగ్రీల బ్లర్ ఇస్తే అక్షరాలే మసకబారతాయి.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సాగిన మచ్చను ట్రాకర్ ఎక్కడ పట్టుకుంటుంది? ఆ గీత నడిమధ్యన. కానీ సాఫ్ట్‌వేర్ అక్షరాలకు బ్లర్ వేసేటప్పుడు, ట్రాక్ ఇచ్చిన చోటు నుంచి మొదలుపెట్టి ముందుకు సాగదీస్తే, అక్షరాల బ్లర్ నడిమధ్య 5 పిక్సెళ్లు పక్కకు పోతుంది. చిత్రం నిలకడగా ఉన్నప్పుడు ఏమీ తెలియదు, ఊపు వచ్చిన ప్రతిసారీ అక్షరాలు తలుపును వదిలి మళ్లీ వచ్చి చేరతాయి. దీనికి మందు, బ్లర్ ట్రాక్ చోటుకు అటు సగం, ఇటు సగం పడేట్టు చూడడమే. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో షట్టర్ కోణం 180 ఉంటే Shutter Phase విలువ -90 ఉండాలి. మామూలుగా అది అలాగే ఉంటుంది, కానీ ఎవరో మార్చిన ప్రాజెక్టు మీ చేతికి వస్తే అక్కడే ముందు చూడండి.

లెన్స్ గురించి క్లుప్తంగా చెబుతాను. వెడల్పు లెన్స్ ఫ్రేము అంచుల్లో నిటారు గీతలను వంచుతుంది. మన తలుపు షాట్ మొదట్లో కుడి అంచు వైపు, చివర్లో ఎడమ అంచు వైపు ఉంటుంది కాబట్టి అక్కడ తలుపు కొద్దిగా వంగి కనిపిస్తుంది. ఆ 8 సంఖ్యలు నిటారు గీతలను నిటారుగానే ఉంచుతాయి, వంపు వాటికి తెలియదు. అందుకని ముందు చిత్రంలోని వంపు తీసేసి, దాని మీద ట్రాక్ చేసి అక్షరాలు పెట్టి, ఆ తరువాత అక్షరాలకు మాత్రమే అదే వంపు తిరిగి ఇచ్చి, ముట్టుకోని అసలు చిత్రం మీద కలపాలి. చిత్రాన్నే వంపు తీసి మళ్లీ వంచితే రెండుసార్లు మెత్తబడుతుంది.

ఇక్కడ ఒకరు చెయ్యెత్తి, తలుపు మూసి ఉండకుండా తెరుచుకుంటూ ఉంటే ఇవన్నీ పనిచేస్తాయా అని అడుగుతున్నారు. మంచి ప్రశ్న. పనిచేస్తాయి. తలుపు తిరిగినా అది సమతలమే, కెమెరా తిరిగిందా తలుపు తిరిగిందా అన్నది ఆ 8 సంఖ్యలకు అనవసరం. కెమెరా స్థానాన్ని మొత్తం లెక్కగట్టే 3డి పద్ధతికే అక్కడ ఇబ్బంది, ఎందుకంటే అది దృశ్యమంతా కదలకుండా ఉందనుకుంటుంది. మన పద్ధతికి హద్దు వేరే చోట వస్తుంది. 90 సెంటీమీటర్ల తలుపు ఎదురుగా ఉన్నప్పుడు 675 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. అది 80 డిగ్రీలు తిరిగేసరికి దాదాపు 117 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది, దాని మీది మచ్చలన్నీ సన్నటి గీతలవుతాయి. ట్రాకర్‌కు పట్టుకోవడానికి అక్కడ ఏమీ మిగలదు. అటువంటి షాట్‌లో తలుపు పూర్తిగా ఎదురుగా ఉన్న ఫ్రేములో మొదలుపెట్టి, సన్నబడే వైపుకు ట్రాక్ చేయండి. పట్టు తప్పిన చోట ఆపేయండి. ఆ మిగిలిన కొద్ది ఫ్రేముల్లో నాలుగు మూలలనూ చేత్తో, ఒక్కో ఫ్రేమూ చూసుకుంటూ పెట్టండి. కెమెరా కదలకపోతే బందుల వైపు అంచు తెర మీద కదలదు కాబట్టి, అప్పుడు మీరు నిజంగా జరపవలసినవి రెండు మూలలే.